కనిపించని ఎసిఎల్: ఒక మోకాలి ఎంఆర్ఐ చిత్రానికి వర్ణన రిపోర్ట్ రాసిన కేసు

ఆఖరి ఏడాది ఫిజియోథెరపీ విద్యార్థి ఒకడు తన కేస్ ఫైల్ తెచ్చి చూపించాడు. ఒక పేజీలో మోకాలి ఎంఆర్ఐ చిత్రం ఒకటి అంటించి ఉంది. దాని కింద ఇలా రాశాడు: "కుడి మోకాలి ఎంఆర్ఐ. ఎసిఎల్ పూర్తిగా తెగింది. లేటరల్ మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్‌లో గ్రేడ్ 3 టేర్. ఫీమర్‌లో, టిబియాలో ఫ్రాక్చర్."

చిత్రం చూశాను. అందులో ఎసిఎల్ లేదు. తెగిపోయి మాయమైందని కాదు, ఆ స్లైస్ ఎసిఎల్ ఉండే చోటు గుండా వెళ్లనే లేదు. మోకాలి బయటివైపు భాగంలోంచి తీసిన నిలువు కోత అది. తొడ ఎముక ఫీమర్‌ని కాలి ఎముక టిబియాతో కట్టి ఉంచే ఈ ఎసిఎల్ లిగమెంట్ ఉండేది మధ్యలో, ఫీమర్ కింది కొసన గుండ్రంగా ఉండే రెండు కాండైల్స్ నడుమ ఉన్న నాచ్‌లో.

"మరి ఎసిఎల్ తెగిందని ఎలా రాశావు?" అని అడిగాను.

"ల్యాక్‌మన్ పాజిటివ్ వచ్చింది కదా మేడమ్, డాక్టర్ గారి చీటీలో కూడా ఎసిఎల్ ఇంజరీ అనే ఉంది."

ల్యాక్‌మన్ అంటే టిబియాని చేత్తో ముందుకు లాగి ఎసిఎల్ ఆపుతోందా అని చూసే పరీక్ష. అతను రాసింది అబద్ధం కాదు, కానీ చిత్రం చెప్పిన విషయమూ కాదు. వర్ణన రిపోర్టుల్లో నేను ఎక్కువగా చూసే ఇబ్బంది ఇదే. పరీక్షలో తెలిసింది, చీటీలో చదివింది, చిత్రంలో కనిపించింది, మూడూ ఒకే వాక్యంలోకి చేరిపోతాయి. ఆ తర్వాత చదివేవాడికి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసే దారి ఉండదు. అందుకే ఆ నాలుగు వాక్యాలను పక్కన పెట్టి, అదే చిత్రానికి మళ్లీ మొదటి నుంచి రిపోర్ట్ రాయించాను. ఆ క్రమమే ఇక్కడ రాస్తున్నాను.

రోగి గురించి కొంచెం చెప్పాలి. 22 ఏళ్ల యువకుడు. వాలీబాల్ ఆడుతూ గాల్లోకి ఎగిరి ఒంటి కాలిమీద దిగాడు, మోకాలు లోపలికి మడతపడి తిరిగింది. లోపల టప్‌మని శబ్దం వినిపించిందన్నాడు. అదే రోజు సాయంత్రానికి మోకాలు వాచిపోయింది. ఎంఆర్ఐ తీసింది దెబ్బ తగిలిన 8 రోజులకు.

ముందు ఇది ఏ చిత్రమో తేల్చాలి

ఫైల్లో అంటించిన చిత్రం నాలుగు వైపులా కత్తిరించి ఉంది. రోగి పేరు, ఆసుపత్రి నంబరు కనిపించకూడదని మూలలన్నీ తీసేశాడట. ఉద్దేశం మంచిదే. కానీ పేరుతో పాటు కుడి, ఎడమ గుర్తు పోయింది, సీక్వెన్స్ పేరు పోయింది, స్లైస్ నంబరు, పక్కనుండే స్కేలు కూడా పోయాయి. పేరు, నంబరు, పుట్టిన తేదీ ఉన్న చోట మాత్రం నల్ల పట్టీ వేసి మిగతావి ఉంచితే సరిపోతుంది. రోగి ఇచ్చిన సీడీ ఇంకా మా దగ్గరే ఉంది కాబట్టి వ్యూయర్‌లో అదే స్లైస్ తెరిపించి, ఈసారి సరిగ్గా సేవ్ చేయించాను. మూలలో `PD FS SAG` అని, దాని కింద `R` అని ఉంది.

ఆ `R` లేకపోతే ఏమయ్యేదో ఒకసారి ఆలోచించాలి. ఎదురు నుంచి చూపే కరోనల్‌లో, అడ్డంగా కోసి చూపే యాక్సియల్‌లో చిత్రాన్ని చూపించే పద్ధతి ఒకటి స్థిరంగా ఉంటుంది, రోగి కుడివైపు మన ఎడమకు వస్తుంది. ఫిబులా ఏ పక్కన ఉందో చూస్తే ఏ కాలో తెలిసిపోతుంది. పక్క నుంచి చూపే సాజిటల్‌లో ఆ సౌకర్యం లేదు. కుడి మోకాలి బయటివైపు స్లైస్, ఎడమ మోకాలి బయటివైపు స్లైస్ చూడడానికి ఒకేలా ఉంటాయి. గుర్తు లేని సాజిటల్ చిత్రం కింద "కుడి" అని రాస్తే అది నమ్మకం మీద రాసిన మాటే. అప్పుడు "వైపు: రోగి రికార్డు ప్రకారం కుడి, చిత్రంపై గుర్తు లేదు" అని రాయాలి.

ఇది లోపలివైపా, బయటివైపా అన్నది మాత్రం చిత్రమే చెబుతుంది. ఈ చిత్రంలో టిబియా వెనక కిందుగా ఫిబులా తల కనిపిస్తోంది, అంటే బయటివైపు. అది లేకపోయినా చెప్పుకునే దారులున్నాయి. బయటివైపు టిబియా పైభాగం కాస్త ఉబ్బినట్టు ఉంటుంది, లోపలివైపు గుంటలా ఉంటుంది. ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ ముందు, వెనక కొసలు, అంటే హార్న్‌లు, బయటివైపు దాదాపు సమానంగా ఉంటాయి, లోపలివైపు వెనకది స్పష్టంగా పెద్దది. ఈ ఆనవాళ్లలో ఏది చూసి తేల్చావో రిపోర్టులో ఒక ముక్క రాస్తే చదివేవాడికి నమ్మకం కుదురుతుంది.

ఇక సీక్వెన్స్. మూలలో పేరు ఉన్నా, చిత్రంతో ఒకసారి సరిచూసుకోమంటాను. చర్మం కింది కొవ్వు నల్లగా ఉందా? ఉంది. ఎముకల లోపలి మజ్జ నల్లగా ఉందా? దెబ్బ తగలని చోట్ల ఉంది. కీలులోని నీరు తెల్లగా ఉందా? ఉంది. కొవ్వును అణచేసి నీటిని వెలిగించే సీక్వెన్స్ అని అర్థం. ప్రోటాన్ డెన్సిటీ ఫ్యాట్‌శాట్ ఈ కోవలోదే, టీ2 ఫ్యాట్‌శాట్, స్టిర్ కూడా ఇదే కోవలోవి. పేరు లేకుండా కంటిచూపుతో వీటిని విడదీసి చెప్పడం కష్టం. పేరు పోయిన చిత్రమైతే "కొవ్వు అణచిన, నీటిని చూపే సాజిటల్ చిత్రం" అని రాసి ఊరుకోవడం మంచిది.

రెండు తెల్ల మచ్చలు

ఈ చిత్రంలో మొదట కన్ను పడేది ఎముకల మీదే. లేటరల్, అంటే బయటివైపు, ఫీమోరల్ కాండైల్ కింది అంచున, మధ్య భాగంలో ఒక తెల్లటి మబ్బులాంటి ప్రాంతం. టిబియా పైభాగం వెనక అంచున మరొకటి. విద్యార్థి వీటినే ఫ్రాక్చర్ అని రాశాడు.

పెద్దవాళ్ల మోకాలి దగ్గర మజ్జలో ఎక్కువ భాగం కొవ్వే. కొవ్వును అణచేశాక అది నల్లబడాలి. అక్కడ తెలుపు కనిపిస్తే కొవ్వు ఉండాల్సిన చోట నీరు లేదా రక్తం చేరిందన్న మాట. దెబ్బ బలానికి లోపలి సన్నని ఎముక పోగులు చితికి, రక్తం, వాపు నీరు చేరితే ఇలా కనిపిస్తుంది. బోన్ బ్రూజ్ అనేది దీన్నే. ఫ్రాక్చర్ అనాలంటే ఇంకేదైనా కనిపించాలి. ఆ తెలుపు లోపల ఒక సన్నని నల్ల గీత, లేదా ఎముక అంచున ఉండే నల్లటి కార్టెక్స్ గీత తెగడం, లేదా మెట్టులా కుంగడం. ఈ స్లైస్‌లో అవేవీ లేవు. కార్టెక్స్ గీత రెండు చోట్లా చివరిదాకా వెళ్తోంది. అయితే ఫ్రాక్చర్ గీత ఉందో లేదో చూడడానికి టీ1 చిత్రం బాగా పనికొస్తుంది, అది మన పేజీలో లేదు. కాబట్టి "ఫ్రాక్చర్ లేదు" అని కాదు, "ఈ స్లైస్‌లో ఫ్రాక్చర్ గీత కనిపించలేదు" అని రాయించాను. మొదటిది మొత్తం మోకాలికి హామీ. రెండోది ఈ ఒక్క చిత్రానికి సంబంధించిన మాట.

మజ్జలో తెలుపు అనగానే బోన్ బ్రూజ్ అనేయడమూ కుదరదు. కాయిల్ అంచుల దగ్గర కొవ్వును అణచడం ఒక్కోసారి సరిగ్గా జరగదు, అక్కడ మామూలు మజ్జ కూడా తెల్లగా మిగిలిపోతుంది. దాన్ని పట్టుకోవడం తేలికే, ఆ తెలుపు ఎముక దగ్గర ఆగదు, పక్కనున్న చర్మం కింది కొవ్వులోకి కూడా సాగుతుంది. ఈ చిత్రంలో పై అంచున, తొడ ముందువైపు చర్మం కింద అలాంటి తెలుపు కొద్దిగా ఉంది. విద్యార్థి దాన్ని వాపు అనుకున్నాడు. అది చిత్రం లోపం, రిపోర్టులో "నాణ్యత" అన్న చోట రాయాల్సిన విషయం. మన రెండు మచ్చలు మాత్రం ఎముక లోపలే ఉన్నాయి, కీలు ఉపరితలానికి ఆనుకుని ఉన్నాయి, చుట్టూ మజ్జ నల్లగానే ఉంది.

ఇప్పుడు వాటి చోటు. నాకు ఈ చిత్రంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఫీమర్ మచ్చ మధ్యలో ఉంది, టిబియా మచ్చ వెనక ఉంది. ఒకదానికొకటి గుద్దుకుని చితికిన ఎముకలైతే మచ్చలు ఎదురెదురుగా ఉండాలి కదా అని విద్యార్థిని అడిగాను. కాసేపు చూసి, "టిబియా ముందుకు జరిగితే ఎదురెదురుగా వస్తాయి మేడమ్" అన్నాడు. సరిగ్గా అదే. కొద్దిగా మడిచిన మోకాలు లోపలికి పడి, టిబియా లోపలికి తిరుగుతూ ముందుకు జారినప్పుడు దాని వెనక బయటి అంచు వచ్చి ఫీమర్ కాండైల్ మధ్య భాగాన్ని గుద్దుతుంది. తర్వాత కాలు మామూలు స్థితికి వచ్చేస్తుంది, గుద్దుకున్న చోట్లు మాత్రం విడిపోయి కనిపిస్తాయి. పివట్ షిఫ్ట్ తరహా దెబ్బ అంటారు. టిబియా అంత ముందుకు జారాలంటే సాధారణంగా ఎసిఎల్ తెగి ఉండాలి. ఈ చిత్రానికి ఎసిఎల్‌తో ఉన్న సంబంధం ఇంతే. అది పరోక్ష ఆధారం. లిగమెంట్లు వదులుగా ఉండే కౌమార వయసు పిల్లల్లో ఎసిఎల్ తెగకుండానే ఇలాంటి జంట మచ్చలు కనిపించవచ్చు. అందుకని మచ్చలను వర్ణనలోనూ, వాటి అర్థాన్ని ఇంప్రెషన్‌లోనూ రాయాలి. రెండిటినీ కలపకూడదు.

కొలతలు కూడా రాశాం. సీడీలోని అసలు ఫైలును వ్యూయర్‌లో తెరిస్తే గీత గీసిన వెంటనే మిల్లీమీటర్లలో చూపిస్తుంది. ఫోన్‌తో తీసిన ఫోటోకి, స్క్రీన్‌షాట్‌కి ఆ సమాచారం ఉండదు, అక్కడ కొలిస్తే వచ్చేది స్క్రీన్ మీది పొడవే. మబ్బులాంటి మచ్చకి కచ్చితమైన అంచు ఉండదు కాబట్టి పొడవైన అడ్డకొలత ఒకటి, దానికి లంబంగా ఇంకొకటి తీసి "సుమారు" అని రాయడం పద్ధతి. ఫీమర్ మచ్చ సుమారు 18 × 14 మిల్లీమీటర్లు, టిబియా మచ్చ సుమారు 22 × 12 వచ్చాయి. కొలిచే సాధనం లేనప్పుడు "కాండైల్ ముందు వెనకల వెడల్పులో దాదాపు మూడో వంతు" లాంటి మాట చాలు.

ఫీమర్ మచ్చ మీదుగా కాండైల్ అంచున చిన్న పల్లం ఉంటుంది, సల్కస్ అంటారు. అది అందరికీ ఉండేదే. గుద్దుడు బలానికి అది లోతుగా కుంగితే ఎసిఎల్ తెగిందనడానికి మరో పరోక్ష గుర్తు అవుతుంది, 1.5 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలంటారు. పల్లం రెండు గట్లను కలుపుతూ ఒక గీత గీసి, అక్కడి నుంచి అడుగుదాకా లంబంగా కొలవాలి. ఇక్కడ సుమారు 1 మిల్లీమీటరు. విద్యార్థికి ఇది నిరాశ కలిగించింది, ఇంకో గుర్తు దొరికేదేమో అనుకున్నాడు. నేను ఆ 1 అంకెను రిపోర్టులో ఉంచమన్నాను. మన ఊహకు కలిసిరాని అంకె కూడా వర్ణనలో భాగమే.

మెనిస్కస్ దగ్గర తెల్ల గీత

లేటరల్ మెనిస్కస్ ఈ స్లైస్‌లో రెండు నల్ల త్రిభుజాలుగా కనిపిస్తోంది, ముందొకటి, వెనకొకటి. వెనక త్రిభుజానికి వెనకవైపు ఏటవాలుగా ఒక సన్నని తెల్ల గీత ఉంది. ఆ గీతకి అవతల మళ్లీ ఒక నల్లటి పట్టీ. విద్యార్థి దీన్ని చూసి గ్రేడ్ 3 టేర్ అన్నాడు, ముక్క విడిపోయి వెనక్కి జరిగిందనుకున్నాడు.

నాకు అది పాప్లిటియస్ టెండన్ అనిపించింది. ఆ టెండన్ ఫీమర్ బయటివైపు నుంచి బయల్దేరి, లేటరల్ మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్ వెనకగా కిందికి, లోపలికి దిగుతుంది. మెనిస్కస్‌కీ టెండన్‌కీ మధ్య చిన్న సందు ఉంటుంది, అందులో కీలు నీరు చేరుతుంది. కీలులో నీరు ఎక్కువైన రోజున ఆ సందు ఇంకా తెల్లగా వెలుగుతుంది. ఫిబులా తల కనిపించే స్లైస్‌లో, లేటరల్ మెనిస్కస్ వెనక అంచున, తెల్ల గీత దాటి నల్ల పట్టీ కనిపిస్తే ముందు దీన్నే అనుకోవాలి. లోపలివైపు మెనిస్కస్ దగ్గర పాప్లిటియస్ టెండన్ ఉండదు కాబట్టి అక్కడ ఇలాంటి గీత కనిపిస్తే ఈ వివరణ చెల్లదు.

అనిపించడం వేరు, తేల్చడం వేరు. తేల్చాలంటే పక్క స్లైసులు కావాలి. ఆ నల్ల పట్టీని వరసగా లోపలివైపు స్లైసుల్లో వెంబడిస్తే టెండన్ అయితే కిందికి దిగి కండలో కలుస్తుంది. విడిపోయిన ముక్క అయితే అలా కండదాకా వెళ్లదు. ఇంకో నియమం కూడా ఉంది. మెనిస్కస్ లోపలి తెలుపు పై ఉపరితలాన్నో కింది ఉపరితలాన్నో తాకుతున్నట్టు కనీసం రెండు చిత్రాల్లో కనిపిస్తేనే టేర్ అని ధైర్యంగా రాస్తారు. ఒక్క చిత్రంలోనే కనిపిస్తే అనుమానం దగ్గరే ఆగుతారు. మన పేజీలో ఉన్నదే ఒక్క చిత్రం. కాబట్టి ఈ పేజీ మీద "టేర్" అన్న మాట ఏ రకంగానూ రాయలేం, గ్రేడ్ అంకె అసలే వేయలేం.

మరి ఏం రాయాలి? కనిపించిందే. "పోస్టీరియర్ హార్న్ త్రిభుజాకారంలో, నల్లగా ఉంది. దాని వెనక అంచు బయట ఏటవాలు తెల్ల గీత, దాని వెనక నల్లటి పట్టీ ఉన్నాయి. చోటును బట్టి పాప్లిటియస్ టెండన్, దాని సందు కావచ్చు. పక్క స్లైసులతో సరిచూడాలి." పొడుగ్గా ఉందని విద్యార్థి గొణిగాడు. ఒక్క మాటలో తేల్చే అవకాశం లేనప్పుడు వాక్యం పొడుగ్గానే ఉంటుంది.

చూడనివాటిని కూడా రాయడం

రిపోర్టులో "ఈ చిత్రంలో అంచనా వేయలేనివి" అని విడిగా ఒక భాగం పెట్టించాను. ఎసిఎల్, పిసిఎల్, లోపలివైపు మెనిస్కస్, రెండు పక్కల కొలేటరల్ లిగమెంట్లు, లోపలివైపు కార్టిలేజ్, ఇవన్నీ అందులోకి వెళ్లాయి. మామూలుగా విద్యార్థులు వీటిని వదిలేస్తారు, లేదా ఇంకా ఘోరంగా "నార్మల్" అని రాసేస్తారు. తయారుచేసి ఉంచిన టెంప్లేట్ దింపుకుంటే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. టెంప్లేట్‌లో పిసిఎల్ ఎదురుగా "నార్మల్" అని ముందే ఉంటుంది, దాన్ని తీసేయాలని ఎవరికీ తోచదు. అందుకే ఖాళీ శీర్షికలు మాత్రమే ఉన్న టెంప్లేట్ వాడమంటాను.

కీలు నీరు గురించి తొందరగానే ముగించాం. చిప్ప పైన సుప్రాపటెల్లార్ రిసెస్ బయటి భాగంలో తెల్లటి నీరు ఉంది. అది ఎంత అనేది మధ్య స్లైస్‌లో చూసి చెప్పాలి, అంచు స్లైస్‌లో "ఉంది" అంటే చాలు. ఒక విషయం మాత్రం వెతకమన్నాను, ఆ నీటిలో రెండు పొరలు విడిగా కనిపిస్తున్నాయా అని. ఎముక విరిగి మజ్జలోని కొవ్వు కీలులోకి కారితే అది నీటి మీద తేలుతుంది. రోగి వెల్లకిలా పడుకుని ఉంటాడు కాబట్టి తేలడమంటే చిప్పవైపు చేరడం, స్క్రీన్ మీద ఆ పొరల మధ్య గీత నిలువుగా కనిపిస్తుంది. ఇక్కడ అలాంటి గీత లేదు.

చివరికి పేజీ మీదికి వచ్చిన రిపోర్ట్

శీర్షిక: విద్యా ప్రయోజనం కోసం రాసిన చిత్ర వర్ణన. రోగ నిర్ధారణ రిపోర్ట్ కాదు.

చిత్రం: కుడి మోకాలు, చిత్రంపై గుర్తు ఉంది. సాజిటల్, ప్రోటాన్ డెన్సిటీ ఫ్యాట్‌శాట్. బయటివైపు కంపార్ట్‌మెంట్ గుండా వెళ్లిన ఒకే స్లైస్, ఫిబులా తల కనిపిస్తోంది. దెబ్బ తగిలిన 8 రోజులకు తీసింది.

నాణ్యత: కదలిక వల్ల మసక లేదు. పై అంచున తొడ ముందువైపు కొవ్వు పూర్తిగా అణగలేదు, ఆ ప్రాంతంలోని తెలుపును లెక్కలోకి తీసుకోలేదు.

ఎముకలు: లేటరల్ ఫీమోరల్ కాండైల్ మధ్య భాగంలో, కీలు ఉపరితలం కింద, స్పష్టమైన అంచు లేని తెల్లటి సిగ్నల్, సుమారు 18 × 14 మిల్లీమీటర్లు. లేటరల్ టిబియల్ ప్లాటో వెనక అంచున అదే తరహా సిగ్నల్, సుమారు 22 × 12. రెండు చోట్లా కార్టెక్స్ గీత తెగలేదు, ఈ స్లైస్‌లో ఫ్రాక్చర్ గీత కనిపించలేదు. కాండైల్ సల్కస్ లోతు సుమారు 1 మిల్లీమీటరు.

కార్టిలేజ్: కనిపించిన మేరకు ఫీమర్, టిబియా ఉపరితలాల మీద తెగకుండా సాగుతోంది.

లేటరల్ మెనిస్కస్: ముందు, వెనక హార్న్‌లు త్రిభుజాకారంలో, నల్లగా ఉన్నాయి. వెనక హార్న్ వెనక అంచు బయట ఏటవాలు తెల్ల గీత, దాని వెనక నల్లటి పట్టీ. పాప్లిటియస్ టెండన్, దాని సందు కావచ్చు, పక్క స్లైసులతో సరిచూడాలి.

కీలు నీరు: సుప్రాపటెల్లార్ రిసెస్ బయటి భాగంలో ఉంది. పొరలుగా విడిపోలేదు.

అంచనా వేయలేనివి: ఎసిఎల్, పిసిఎల్, మీడియల్ మెనిస్కస్, కొలేటరల్ లిగమెంట్లు, మీడియల్ కంపార్ట్‌మెంట్.

ఇంప్రెషన్: లేటరల్ ఫీమోరల్ కాండైల్ మధ్యలో, లేటరల్ టిబియల్ ప్లాటో వెనక అంచున బోన్ బ్రూజ్‌లు, కీలులో నీరు. ఈ జంట మచ్చల చోటు పివట్ షిఫ్ట్ తరహా దెబ్బకు సరిపోతుంది. ఎసిఎల్ గాయం ఉండవచ్చు, నాచ్ గుండా వెళ్లే స్లైసుల్లో చూడాలి.

ఇక్కడితో వర్ణన ముగిసింది. ల్యాక్‌మన్ ఫలితం ఇందులో ఎక్కడా రాలేదని గమనించండి. పరీక్షలో దొరికినవి తర్వాతి పేజీలో, "పరీక్షతో పోలిక" అన్న శీర్షిక కింద రాయించాను. ల్యాక్‌మన్‌లో చివర గట్టిగా ఆగకపోవడం, మోకాలు 10 డిగ్రీలు తక్కువగా చాపడం, 90 దాకా మడవడం, బయటివైపు కీలు గీత మీద నొక్కితే నొప్పి. ఆ నొప్పికి అతను మొదట మెనిస్కస్ టేర్ కారణం అని రాసుకున్నాడు. చిత్రంలో ఆ గీతకి పైనా కిందా రెండు చితికిన ఎముకలున్నాయి, ఆ చోట నొప్పికి అవే చాలు.

అధికారిక రిపోర్ట్ తెరిచాక

రేడియాలజిస్ట్ ఇచ్చిన రిపోర్ట్ కవరులోనే ఉంది. వర్ణన రాయడం అయ్యేదాకా దాన్ని తెరవనివ్వలేదు. ముందే చదివితే కన్ను దానికోసమే వెతుకుతుంది. తర్వాత రిపోర్టునీ, సీడీలోని మిగతా స్లైసులనీ పక్కపక్కన పెట్టుకుని చూశాం.

నాచ్ స్లైసుల్లో ఎసిఎల్ మధ్య భాగంలో పోగులు పూర్తిగా తెగి ఉన్నాయి. మొదట అతను రాసిన మాట నిజమే అయింది, ఆ మాటకి ఆధారమైన చిత్రం మాత్రం వేరు. నల్ల పట్టీని ఒక్కో స్లైస్ దాటుతూ వెంబడిస్తే పాప్లిటియస్ కండలోకి వెళ్లి కలిసింది. లేటరల్ మెనిస్కస్ మామూలుగా ఉందని రిపోర్ట్ కూడా చెప్పింది. బోన్ బ్రూజ్‌ల గురించి మా వర్ణనకీ రిపోర్టుకీ తేడా లేదు, రిపోర్టులో కొలతలు ఇవ్వలేదంతే.

ఇంకో వాక్యం ఉంది. మీడియల్, అంటే లోపలివైపు, మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్‌లో క్యాప్సూల్ వైపు అంచున నిలువు టేర్. అతను ఎక్కడో అక్కడ మెనిస్కస్ టేర్ ఉంటుందనుకున్నాడు, ఉన్నది మోకాలి రెండో పక్కన. మా చిత్రం ఆ పక్కకి వెళ్లనే లేదు.

"అయితే నా పేజీలో ఇవన్నీ కలిపేయనా మేడమ్?" అన్నాడు. వద్దన్నాను. వర్ణన అలాగే ఉంటుంది, తేదీతో సహా. దాని కింద "అధికారిక రిపోర్టుతో పోలిక" అని ఇంకో భాగం వస్తుంది, అందులో మనం చూసినవేవి, చూడలేనివేవి, ఎందుకు చూడలేకపోయామో ఉంటాయి. రెండూ ఒకదానికొకటి సరిపోకపోతే చికిత్సకు అధికారిక రిపోర్టే లెక్క. మన వర్ణనలో రిపోర్టులో లేనిది ఏదైనా ఉందని గట్టిగా అనిపిస్తే రేడియాలజిస్ట్‌ని అడగాలి తప్ప ఫైల్లో తీర్పు రాయకూడదు.

ఆ మీడియల్ మెనిస్కస్ వాక్యం అతని చికిత్స పేజీని కూడా మార్చింది. మొదటి ప్లాన్‌లో ఎసిఎల్ ఒక్కటే దృష్టిలో పెట్టుకుని, వాపు తగ్గగానే లోతుగా కూర్చుని లేచే వ్యాయామాలు వేశాడు. క్యాప్సూల్ వైపు అంచున ఉండే నిలువు టేర్ సర్జన్ కుట్టు వేయడానికి ఆలోచించే రకం. కుట్టు వేస్తే కొన్ని వారాల పాటు ఎంత మడవాలి, కాలిమీద ఎంత బరువు వేయాలి అన్నది సర్జన్ నిర్ణయిస్తారు. బరువు మీద లోతుగా మడిస్తే ఒత్తిడి పడేది కూడా ఆ వెనక హార్న్ మీదే. ఆ వ్యాయామాలు కొట్టేసి, వాపు తగ్గించడం, క్వాడ్రిసెప్స్‌ని మేల్కొల్పడం, పూర్తిగా చాపగలగడం వరకే ప్లాన్‌ను కుదించాడు. మిగతాది "సర్జన్ అభిప్రాయం వచ్చాక" అని రాసి, మోకాలిని మడిచి తిప్పి మెనిస్కస్‌ను చూసే మెక్‌మరీ పరీక్షను మళ్లీ మళ్లీ చేయొద్దని మార్జిన్‌లో తనకు తనే గుర్తు పెట్టుకున్నాడు.